ఒకే జాబితా, ఎవరి చూపు వారిది

పెళ్లి ముహూర్తం కుదిరిన మర్నాటికల్లా ఈ రోజుల్లో ఇంట్లో ఒక గూగుల్ షీట్ తయారవుతోంది. ఒకప్పుడు పెదనాన్న చేతిలోని పొడుగాటి పుస్తకంలో ఉండే పిలుపుల జాబితా ఇప్పుడు అందులోకి చేరింది. పుస్తకమైతే ఒకరి చేతిలోనే ఉండేది. షీట్ అలా కాదు. రాజమండ్రిలో శుభలేఖలు పంచే బాబాయి, హైదరాబాద్‌లో గదులు చూసే అక్క, డల్లాస్‌లో కూర్చుని ఫోన్లు చేసే తమ్ముడు ముగ్గురూ దాన్ని ఒకేసారి తెరిచి పెట్టుకోవచ్చు. సౌకర్యమంతా అక్కడే ఉంది, గొడవంతా కూడా అక్కడే మొదలవుతుంది.

అలాంటి ఒక షీట్‌ను ఊహించుకుందాం. దాని పేరు ‘అతిథులు’. మొదటి వరుసలో శీర్షికలు, రెండో వరుస నుంచి 321వ వరుస దాకా 320 కుటుంబాలు. A నిలువులో వరుస సంఖ్య, B లో పేరు, C లో ఊరు, D లో ఫోన్, E లో ఎంతమంది వస్తారు, F లో శుభలేఖ ‘ఇచ్చాం’ లేదా ‘ఇవ్వాలి’, G లో గది ‘కావాలి’ లేదా ‘వద్దు’, H లో వచ్చే తేదీ.

బాబాయికి రాజమండ్రి వాళ్లు మాత్రమే కావాలి. `Data` మెనూలోకి వెళ్లి `Create a filter` నొక్కి, ఊరు దగ్గర రాజమండ్రి ఒక్కటే ఉంచి మిగతా టిక్కులన్నీ తీసేశాడు. ఆయన తెర మీద 58 కుటుంబాలు మిగిలాయి. అదే క్షణంలో హైదరాబాద్‌లో అక్క తెర మీద కూడా ఆ 58 కుటుంబాలే మిగిలాయి. ఆవిడ అప్పటిదాకా చూస్తున్న విజయవాడ చుట్టాలంతా మాయం. ఎవరో చెరిపేశారనుకుని, గుర్తున్న పేర్లన్నీ కింద మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టింది. డల్లాస్‌లో నిద్ర లేచిన తమ్ముడు ఆ ఫిల్టర్ చూసి, ఇదేదో పొరపాటని తీసేశాడు. ఇప్పుడు బాబాయి జాబితా పోయింది, పైగా డజను కుటుంబాలు రెండేసి సార్లు ఎక్కాయి. ఇక కుటుంబ వాట్సాప్ గ్రూపులో ‘నా లిస్టు ఎవరు ముట్టుకున్నారు?’ అన్న ప్రశ్న రాక తప్పదు.

ఇక్కడ ఎవరి తప్పూ లేదు. `Create a filter` తో పెట్టే మామూలు ఫిల్టర్ మనిషికి చెందదు, షీట్‌కి చెందుతుంది. ఒక షీట్‌కి అలాంటి ఫిల్టర్ ఒక్కటే ఉంటుంది. మార్పులు చేసే అనుమతి ఉన్నవాళ్లు దాన్ని ఎలా మారిస్తే అందరికీ అలాగే కనిపిస్తుంది. అందరూ కూర్చుని పని చేసుకుంటున్న గదిలో ఒకరు లైటు ఆపేయడం లాంటిది ఇది. ఆపినవాడికి నిద్ర పడుతుంది, మిగతావాళ్ల పని ఆగుతుంది.

ఫిల్టర్ కన్నా పెద్ద చేటు దాని మెనూలోనే ఉన్న సార్టింగ్. మామూలు ఫిల్టర్‌లో పేర్లను అక్షర క్రమంలోకి తెస్తే వరుసలు నిజంగానే చోటు మారతాయి. తర్వాత ఫిల్టర్ తీసేసినా అవి పాత చోటికి రావు. బాబాయి ఊళ్లో పంపకానికి వీలుగా వీధుల ప్రకారం రాసుకున్న క్రమమంతా ఒక్క క్లిక్కుతో పోతుంది. A నిలువులో వరుస సంఖ్య పెట్టమన్నది ఇందుకే. ఆ అంకెలు చేత్తో టైపు చేసినవై ఉంటే, A ప్రకారం మళ్లీ సార్ట్ చేసి పాత క్రమాన్ని తెచ్చుకోవచ్చు. `=ROW()` లాంటి సూత్రంతో వేసిన అంకెలు ఇందుకు పనికిరావు. వరుస ఎక్కడికి పోతే అక్కడి అంకెనే అవి చూపిస్తాయి.

గూగుల్ 2013 డిసెంబరులో షీట్స్‌ను కొత్తగా తీర్చిదిద్ది విడుదల చేసినప్పుడు ఈ చిక్కుకు ఒక విరుగుడు కూడా తెచ్చింది. అదే ఫిల్టర్ వ్యూ. అడిగితే ‘ఉందని విన్నాం’ అంటారే గానీ వాడేవాళ్లు తక్కువ. మెనూలో మామూలు ఫిల్టర్ పక్కనే ఉన్నా చెయ్యి అలవాటు కొద్దీ మొదటిదాని మీదికే పోతుంది.

బాబాయి పనినే ఇప్పుడు ఫిల్టర్ వ్యూతో చేసి చూద్దాం. ముందుగా A1 నుంచి H1000 దాకా ఎంచుకోవాలి. పేర్లు 321వ వరుసతోనే అయిపోయినా వెయ్యి దాకా ఎందుకంటే, పెళ్లి పిలుపుల జాబితా ఏనాడూ ఉన్నచోట ఆగదు. వ్యూ తనకిచ్చిన పరిధిలోని వరుసలనే జల్లెడ పడుతుంది. పరిధి 321తో ఆపేస్తే, రేపు 322లో ఎక్కించిన కుటుంబం ఆ ఎంపికకు లోబడదు. కొత్త షీట్‌లో మామూలుగా వెయ్యి వరుసలుంటాయి గనుక అంతదాకా ఇచ్చేస్తే ఆ బెడద ఉండదు.

తర్వాత `Data` మెనూలో `Create filter view`. నొక్కగానే నిలువుల అక్షరాలు, వరుసల అంకెలు ఉండే అంచులు ముదురు రంగులోకి మారతాయి. ఈ ముదురు అంచును గుర్తు పెట్టుకోవాలి. అది కనిపిస్తోందంటే మీరు మీ సొంత వ్యూలో ఉన్నారని అర్థం, అక్కడ వరుసలు దాచినా సార్ట్ చేసినా పక్కవాళ్ల తెర కదలదు. అంచు ముదురు రంగులో లేకుండా, ఎడమ పక్కన వరుసల అంకెలు 1, 4, 9, 17 అంటూ గెంతుతున్నాయంటే, ఎవరో మామూలు ఫిల్టర్ పెట్టారనో, వరుసలు చేత్తో దాచారనో అనుమానించాలి. అక్క ఆ అంకెల వంక ఒక్కసారి చూసి ఉంటే పేర్లు మళ్లీ ఎక్కించేదే కాదు. చెరిపేసిన వరుసలైతే అంకెల్లో ఖాళీ మిగలదు, కిందివి పైకి జరిగి వరుస కలిసిపోతుంది. అంకెల్లో ఖాళీలు ఉన్నాయంటే పేర్లు దాక్కున్నాయే గాని పోలేదు.

బాబాయి ఇప్పుడు C నిలువు శీర్షికలోని ఫిల్టర్ గుర్తును నొక్కుతాడు. అందులో రెండు దారులున్నాయి. `Filter by values` అంటే ఆ నిలువులో ఉన్న ఊళ్లన్నిటి జాబితా వస్తుంది, కావలసినవాటికి టిక్కు పెట్టుకోవాలి. `Filter by condition` అంటే నియమం రాసుకోవాలి. అందరూ మొదటిదాన్నే ఎంచుకుంటారు. కాసేపటి పనికి అదే సులువు. రోజూ తెరుచుకునే వ్యూకి మాత్రం రెండోదే మేలు. టిక్కుల పద్ధతిలో షీట్ గుర్తుపెట్టుకునేది మీరు వద్దన్న విలువలను. బాబాయి వద్దన్న వాటిలో విజయవాడ, ఏలూరు, కాకినాడ ఉన్నాయి. వారం తర్వాత అక్క తణుకు వాళ్లను చేర్చిందనుకోండి. తణుకును ఎవరూ వద్దనలేదు కాబట్టి అది బాబాయి వ్యూలోకి దూరిపోతుంది. నియమం రాస్తే ఈ ఇబ్బంది లేదు. `Text is exactly` ఎంచుకుని రాజమండ్రి అని రాస్తే, రేపు ఎన్ని కొత్త ఊళ్లు చేరినా ఆ వ్యూలోకి రాజమండ్రి ఒక్కటే వస్తుంది.

అయితే మన జాబితాల్లో రాజమండ్రి ఒకే రూపంలో ఉండదు. బాబాయి రాజమండ్రి అని రాస్తాడు. బడిలో పనిచేసే పిన్ని రాజమహేంద్రవరం అని రాస్తుంది. తమ్ముడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతాడు. మనకు అదంతా ఒకే ఊరు, షీట్‌కి మాత్రం మూడు ఊళ్లు. చివర కంటికి కనబడని ఒక ఖాళీ చోటు మిగిలిపోయినా, `Text is exactly` దృష్టిలో అది వేరే మాట అయిపోవచ్చు.

పోనీ `Text contains` ఎంచుకుని ‘రాజ’ అని పెడితే? రాజమండ్రి, రాజమహేంద్రవరం రెండూ వస్తాయి, వాటితో పాటు రాజాం, రాజంపేట కూడా వచ్చి కూర్చుంటాయి. ‘రాజమ’ అని రాస్తే ఆ రెండూ తప్పుకుంటాయి. రాజాంలో ‘జ’కి దీర్ఘం ఉంది, రాజంపేటలో ‘జ’ తర్వాత ఉన్నది సున్న. ‘మ’ అక్షరం ఆ చోట రెండింటిలోనూ లేదు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టినవి మాత్రం దీనికీ చిక్కవు.

ఇంత తిప్పలు పడేకన్నా మొదటే కట్టడి చేసుకోవడం నయం. C2 నుంచి C1000 దాకా ఎంచుకుని, `Insert` మెనూలో `Dropdown` పెట్టి ఊళ్ల పేర్లు ఒక్కో రూపంలో మాత్రమే ఇవ్వాలి. జాబితాలో లేనిది రాస్తే ఒప్పుకోవద్దని కూడా అందులోనే చెప్పవచ్చు. శుభలేఖ, గది నిలువులకూ ఇదే పని చేస్తే, ‘ఇచ్చాం’ అని ఒకరు, ‘ఇచ్చేశాం’ అని ఒకరు, ‘ఓకే’ అని ఇంకొకరు రాయడం ఆగుతుంది. ఫిల్టర్ వ్యూ సరిగా పనిచేయడం లేదని విసుక్కునే సందర్భాల్లో చాలావాటికి కారణం వ్యూలో ఉండదు, నిలువులో రాసిన మాటల్లో ఉంటుంది.

ఊరు అయ్యాక బాబాయి F నిలువులో ‘ఇవ్వాలి’ అన్న నియమం పెడతాడు. ఇప్పుడు రాజమండ్రిలో ఇంకా శుభలేఖ అందని 23 కుటుంబాలే మిగిలాయి. ఈ వ్యూకి ‘బాబాయి – రాజమండ్రి శుభలేఖలు’ అని పేరు పెట్టి `Save view` నొక్కితే, మర్నాడు షీట్ తెరిచినప్పుడు `Data` మెనూలోంచే దాన్ని మళ్లీ పిలుచుకోవచ్చు. పైన ఉన్న పేరులో మనిషి పేరూ పని పేరూ రెండూ ఉన్నాయి చూడండి. పేరు పెట్టకుండా వదిలేస్తే షీట్ తనకు తోచిన ఒకటి, రెండు అంకెలతో పేర్లు వేస్తుంది. నెల తిరిగేసరికి అందులో ఎవరిది ఏదో ఎవరికీ తెలియదు.

అక్క పని ఇంకొంచెం చిక్కైనది. గది కావాలన్నవాళ్లలో, ఎంతమంది వస్తారో తెలియనివాళ్లు కానీ, ఏ తేదీన వస్తారో తెలియనివాళ్లు కానీ ఆవిడకు కావాలి. వాళ్లకు ఫోన్ చేసి కనుక్కోవాలి. E లో ఖాళీ అన్న నియమం, H లో ఖాళీ అన్న నియమం విడివిడిగా పెడితే రెండూ ఖాళీగా ఉన్నవాళ్లే వస్తారు. వేర్వేరు నిలువుల్లో పెట్టిన నియమాలన్నీ ఒకేసారి నిజమైతేనే ఆ వరుస కనిపిస్తుంది మరి. మనిషుల సంఖ్య చెప్పి తేదీ చెప్పని పెద్దత్తయ్య ఆ జాబితాలో పడదు. పెళ్లి ముందురోజు రాత్రి ఆవిడ కుటుంబానికి గది వెతకాల్సి వస్తుంది.

ఇలాంటి ‘ఇదైనా అదైనా’ పనికి G లో ‘కావాలి’ అన్న నియమం పెట్టి, H నిలువు ఫిల్టర్‌లో `Custom formula is` ఎంచుకుని ఈ చిన్న సూత్రం రాయాలి:

```
=OR($E2="",$H2="")
```

సూత్రంలో 2 ఎందుకంటే శీర్షిక పోగా లెక్క మొదలయ్యేది రెండో వరుసలో. అక్కడ పొరపాటున 1 అని రాస్తే ప్రతి కుటుంబానికీ దాని పై కుటుంబం వివరాలు చూసి తీర్పు చెబుతుంది. ఒక్క వరుస జరిగిన ఫలితం చూడ్డానికి నిజంలాగే ఉంటుంది కాబట్టి పట్టుకోవడం కష్టం. రాసిన వెంటనే వచ్చిన నాలుగు పేర్లు తీసుకుని, నిజంగా వాళ్ల సంఖ్యో తేదీయో ఖాళీగా ఉందా అని చూసుకోవాలి. పరిధి వెయ్యి దాకా ఇచ్చాం కదా, కింద ఉన్న ఖాళీ వరుసలన్నీ వచ్చేయవా అన్న సందేహం రావచ్చు. రావు. వాటి G లో ‘కావాలి’ అని లేదు.

ఒకరికి ఫోన్ చేసి తేదీ కనుక్కుని H లో వేశాక కూడా ఆ వరుస అక్కడే నిలబడి ఉంటే కంగారుపడనక్కర్లేదు. విలువ మార్చిన ప్రతిసారీ ఫిల్టర్ తనంతట తాను మళ్లీ జల్లెడ పట్టదు. వ్యూ మూసి మళ్లీ తెరిచినా, ఫిల్టర్ గుర్తు నొక్కి `OK` అన్నా జాబితా సర్దుకుంటుంది.

అందరూ ఎక్కువగా తప్పుగా అర్థం చేసుకునే సంగతి ఒకటుంది. వ్యూలో సొంతమైనది చూపు ఒక్కటే, లెక్క సొంతం కాదు. ముదురు అంచుల మధ్య కూర్చుని ఒక ఫోన్ నంబర్ మార్చినా, ఒక పేరు చెరిపినా అది అసలు షీట్‌లోనే మారుతుంది, అందరికీ మారుతుంది. ‘నా వ్యూలోనే కదా’ అని ప్రయోగాలు చేస్తే పోయేది అసలు జాబితా. అలాగే నిలువును దాచడం కూడా ఫిల్టర్ వ్యూ పరిధిలోకి రాదు. ఫోన్ నంబర్ల నిలువు అడ్డంగా ఉందని అక్క దాచేస్తే తమ్ముడికీ కనబడదు, అతనికి కావలసింది అదొక్కటే అయినా.

మొత్తాలది కూడా ఇదే కథ. షీట్‌లోని ఒక గడిలో సూత్రం చూపే అంకె అందరికీ ఒక్కటే. అక్క తన వ్యూలో 40 కుటుంబాలే చూస్తున్నా, `SUM` తో వేసిన మొత్తం 320 కుటుంబాల మనుషులనూ కలిపే చెబుతుంది. మామూలు ఫిల్టర్‌లో కనిపించే వరుసలనే కూడే `SUBTOTAL` ను కూడా ఫిల్టర్ వ్యూలో నమ్ముకోకూడదు. గదులు కావలసినవాళ్లు ఎంతమందో తెలియాలంటే ఆ నియమాన్ని సూత్రంలోనే చెప్పాలి, అదీ వేరే ట్యాబ్‌లో:

```
=SUMIFS('అతిథులు'!E2:E,'అతిథులు'!G2:G,"కావాలి")
```

వేరే ట్యాబ్ అన్నది ఊరికే కాదు. మొత్తాన్ని జాబితా అడుగునే వేస్తే, ఒకరోజు ఎవరో సార్ట్ చేసినప్పుడు ఆ వరుస కూడా కుటుంబాల మధ్యకు వెళ్లి కూర్చుంటుంది. వంటవాళ్లకు చెప్పే విస్తళ్ల లెక్క అప్పుడు తప్పిపోవచ్చు.

ఒకరి వ్యూ మరొకరికి చూపించాలంటే దాన్ని తెరిచి ఉంచి, బ్రౌజర్ పైన ఉండే చిరునామాను కాపీ చేసి పంపితే చాలు. ఆ చిరునామా చివర `fvid=` తర్వాత ఒక పొడుగు అంకె ఉంటుంది. అది ఆ వ్యూ గుర్తు. షీట్ చూసే అనుమతి ఉన్నవాళ్లు ఆ లింకు నొక్కితే నేరుగా అదే వ్యూ తెరుచుకుంటుంది. మెనూలంటే బెరుకున్న బాబాయిల కోసం ఆ వ్యూని తమ్ముడు చేసిపెట్టి, లింకు వాట్సాప్‌లో పంపడం అన్నిటికన్నా తేలిక. ఇక్కడ చెప్పినదంతా కంప్యూటర్‌లో, బ్రౌజర్‌లో చేసే పద్ధతి. ఫోన్ యాప్‌లో మెనూలు వేరుగా ఉంటాయి, అందుకని వ్యూలు తయారుచేసే పని కంప్యూటర్ దగ్గరే ముగించుకోవాలి.

దాచిపెట్టిన వ్యూలు కూడా ఉమ్మడి ఆస్తేనని మరవకూడదు. షీట్ మార్చే అనుమతి ఉన్న ఎవరైనా బాబాయి వ్యూ తెరిచి నియమం మార్చి దాచేయవచ్చు, తుడిచేయవచ్చు కూడా. తనకు కావలసిన వ్యూ దాదాపు అలాంటిదే అయితే, దాన్ని ముట్టుకోకుండా నకలు తీసి తన పేరు పెట్టుకోవాలి. ఇక చూసే అనుమతి మాత్రమే ఉన్నవాళ్లు, అంటే లాడ్జీ మేనేజరో కేటరింగ్ ఆయనో, దాచిన వ్యూలు వాడుకోవచ్చు. తమకోసం తాత్కాలికంగా ఒకటి పెట్టుకోవచ్చు కూడా. అది వాళ్ల తెర మీదే ఉండి, మూసేయగానే పోతుంది.

ఇప్పటికే ఎవరో మామూలు ఫిల్టర్ పెట్టి ఉంటే దాన్ని చటుక్కున తీసేయకండి. `Data` మెనూలో `Save as filter view` అని ఉంటుంది. ముందు అది నొక్కి ఆ ఎంపికను వ్యూగా దాచి, ఆ తర్వాత `Remove filter` అంటే పెట్టినవాళ్ల శ్రమా మిగులుతుంది, మిగతావాళ్ల జాబితా కూడా తిరిగి వస్తుంది. సార్టింగ్ వల్ల క్రమం చెడిపోయి, వరుస సంఖ్య నిలువు కూడా లేకపోతే `File` మెనూలోని `Version history` లోకి వెళ్లి పాత రూపం చూసుకోవచ్చు. కానీ పాత రూపాన్ని పూర్తిగా వెనక్కి తెస్తే, ఆ తర్వాత ఎక్కించిన పేర్లు కూడా తెర మీదినుంచి వెళ్లిపోతాయి. అందుకని పాత క్రమాన్ని చూసి వరుస సంఖ్యలు వేసుకోవడమే క్షేమం.

ఒక్కమాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఫిల్టర్ వ్యూ తాళం కాదు. ‘కేటరింగ్ వాళ్లకు భోజనాల వ్యూ లింకే పంపాం, మిగతావి వాళ్లకు కనబడవు’ అనుకుంటే పొరపాటు. వ్యూ మూసేస్తే 320 కుటుంబాల ఫోన్ నంబర్లూ వాళ్ల ముందుంటాయి. ఎవరు చూడకూడదో అలాంటి వివరాలు ఆ ఫైలులోనే ఉండకూడదు. ముఖ్యంగా చదివింపుల లెక్కను ఈ షీట్‌లో మరో నిలువుగా చేర్చకండి. దానికి వేరే ఫైలు తెరిచి, చూడాల్సిన ఇద్దరితో మాత్రమే పంచుకోండి.